బటన్ నొక్కింది ఇప్పుడు... గుద్దు పడేది ఎప్పుడు?

గేమింగ్ కన్సోల్ హాల్లో ఉంటుంది. ఆడాలనుకునేవాళ్లు లోపలి గదిలో ఉంటారు. మన ఇళ్లలో ఇది మామూలే. హాల్లో టీవీ అంటే ఇంటిల్లిపాదిదీ కదా, సాయంత్రం ఏడు దాటిందంటే రిమోట్ మన చేతిలో ఉండదు. సరిగ్గా ఇలాంటి ఇళ్ల కోసమే తయారుచేశారా అనిపించే వస్తువు ఒకటి ఆన్‌లైన్లో కనిపిస్తుంది. పేరు వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్. రెండు చిన్న డబ్బాలు. ఒకటి కన్సోల్‌కి తగిలిస్తే బొమ్మను గాల్లోకి పంపుతుంది, రెండోది లోపలి గది టీవీకి తగిలిస్తే ఆ బొమ్మను పట్టుకుంటుంది. గోడకు కన్నం కొట్టే పని లేదు, వైరు లాగే పని లేదు.

కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఇలాంటిదే ఒకటి తెప్పించాడు. ధర ఎనిమిదిన్నర వేలు. నచ్చకపోతే ఏడు రోజుల్లోపు వెనక్కి పంపొచ్చు. మూడో రోజు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది. కానీ నేనే వరసగా ఓడిపోతున్నా. మధ్యమధ్యలో స్క్రీన్ కూడా నల్లగా అయిపోతోంది. ఉంచుకోవాలా, పంపించేయాలా?" అన్నాడు. కన్సోల్ ప్లేస్టేషన్ 5, ఆడేది ఎక్కువగా టెక్కెన్ 8. నేను ఫోన్ ట్రైపాడ్ పట్టుకుని వెళ్లాను. రెండు సాయంత్రాలు కూర్చుంటే విషయం తేలిపోయింది. వాడి బాధ ఒకటి కాదు, రెండు. ల్యాగ్ పుట్టేది డబ్బాలో. సిగ్నల్ తెగేది దారిలో. ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు.

గాల్లో వెళ్లే ముందు నలిగే బొమ్మ

1080పీ బొమ్మలో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు. గుణిస్తే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ తీగలో ఇది ఇబ్బంది లేకుండా వెళ్లిపోతుంది. కానీ ఈ డబ్బాలు వాడేది మన వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియోనే. గోడలు దాటి అంత డేటా నిలకడగా పంపడం దానివల్ల కాదు. అందుకే పంపే డబ్బా ప్రతి బొమ్మనూ పదుల రెట్లు నొక్కి చిన్నది చేస్తుంది. యూట్యూబ్ వీడియోలను చిన్నవి చేసే పద్ధతి లాంటిదే ఇదీ.

నొక్కాలంటే ముందు బొమ్మ చేతికి రావాలి. తర్వాత నొక్కాలి, పంపాలి. అవతలి డబ్బా రాగానే చూపించేయదు. దారిలో ఏ ముక్కైనా ఆలస్యమైతే బొమ్మ ఆగిపోకుండా కొన్ని ఫ్రేములు ముందే దాచిపెట్టుకుంటుంది. దీన్నే బఫర్ అంటారు. ఆ తర్వాత విప్పి, టీవీకి అందిస్తుంది. ఒక్కో ఫ్రేమ్ అంటే సెకనులో 60వ వంతు, సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి మజిలీలో ఒకటో అరో ఫ్రేమ్ ఆగుతూ పోతే మొత్తం ఐదారు ఫ్రేములవుతుంది. అదీ ల్యాగ్.

సినిమా చూస్తుంటే ఇదేం తెలియదు. బొమ్మా శబ్దమూ రెండూ కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి పెదాలూ మాటలూ సరిగ్గానే కలుస్తాయి. మీటింగ్ రూమ్‌లో స్లైడ్లు చూపించుకునేవాళ్లకీ తెలియదు. వేలు బటన్ మీద ఉండి, కన్ను తెర మీద ఉన్నప్పుడే ఈ ఆలస్యం బయటపడుతుంది. "బొమ్మ బ్రహ్మాండంగా ఉంది" అన్న మాటకూ, "ఓడిపోతున్నా" అన్న మాటకూ మధ్య వైరుధ్యం లేదన్నమాట.

ల్యాగ్ చాలా తక్కువగా ఉండే వైర్‌లెస్ కిట్లు లేకపోలేదు. అవి 60 గిగాహెర్ట్జ్ రేడియో వాడతాయి. అంత వెడల్పైన దారిలో బొమ్మను పెద్దగా నొక్కే అవసరం రాదు. కానీ ఆ తరంగాలు గోడ దాటవు, మధ్యలో మనిషి అడ్డం నిల్చున్నా తడబడతాయి. ఒకే గదిలో ప్రొజెక్టర్‌కి బాగుంటాయి. పక్క గదికి పనికిరావు.

ఫోన్ కెమెరాతో కొలత

ల్యాగ్ ఉందా లేదా అని కంటితో చూసి వాదించుకోవడం దండగ. స్లో మోషన్ వీడియో తీసే ఫోన్ ఉంటే చాలు, అంకె వచ్చేస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే మోడ్ పెట్టుకుంటే ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. 960 అని ఉండే మోడ్ జోలికి పోకండి. చాలా ఫోన్లలో అందులో సగానికి పైగా ఫ్రేములు కెమెరా తీసినవి కావు, సాఫ్ట్‌వేర్ మధ్యలో అల్లినవి.

మేం చేసింది ఇదీ. కన్సోల్‌ని లోపలి గదికి తెచ్చి, అక్కడి టీవీకే తీగతో నేరుగా తగిలించాం. టీవీలో గేమ్ మోడ్ ఆన్. ఇది తప్పనిసరి, లేకపోతే టీవీ సొంత ఆలస్యం కలిసి లెక్క గందరగోళం అవుతుంది. టెక్కెన్‌లో ప్రాక్టీస్ మోడ్ పెట్టి, కంట్రోలర్‌ని టీవీ ముందు పట్టుకుని, వేలూ తెరా రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్ నిలబెట్టాం. ఒకే గుద్దు, పదిసార్లు. వీడియోని ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి `E` నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. బటన్ పూర్తిగా లోపలికి వెళ్లిన ఫ్రేమ్ నుంచి, తెర మీద చెయ్యి కదలడం మొదలైన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టడమే. పది కొలతల సగటు 24 ఫ్రేములు, అంటే 100 మిల్లీసెకన్లు. ఇందులో ఆట సొంత ఆలస్యం, కంట్రోలర్‌ది, టీవీది అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు అదే గదిలో, అదే టీవీకి, మధ్యలో ఈ వైర్‌లెస్ కిట్ పెట్టాం. రెండు డబ్బాల మధ్య దూరం రెండు మీటర్లు. గోడ లేదు, తలుపు లేదు. మళ్లీ పదిసార్లు. సగటు 51 ఫ్రేములు, అంటే 212 మిల్లీసెకన్లు. తేడా 112. ఆట లెక్కలో దాదాపు ఏడు ఫ్రేములు.

ఎదురెదురుగా ఉన్నప్పుడే ఇంత వచ్చిందంటే, ఈ ఆలస్యానికి గోడ బాధ్యురాలు కాదు. తర్వాత ఒక డబ్బాని హాల్లోకి మార్చి కొలిచినా, సిగ్నల్ నిలకడగా ఉన్న సమయంలో అంకె దాదాపు అదే వచ్చింది. యాంటెన్నా ఎటు తిప్పినా, రౌటర్ ఎక్కడ పెట్టినా ఈ అంకె కదలదని అప్పుడే అర్థమైపోయింది.

కొంచెం కదిపేది ఒక్కటే కనిపించింది. కన్సోల్ 4కె, హెచ్‌డీఆర్ పంపుతుంటే డబ్బా దాన్ని ముందు 1080పీకి కుదించుకుని, ఆ తర్వాత నొక్కుతోంది. ఆ అదనపు పని ఎందుకని `Settings > Screen and Video > Video Output` లోకి వెళ్లి `Resolution` ని 1080p చేసి, హెచ్‌డీఆర్ ఆపేశాం. సగటు 51 నుంచి 47కి దిగింది. అంటే 196 మిల్లీసెకన్లు. తీగ కంటే ఇంకా 96 ఎక్కువే. అక్కడి నుంచి కిందికి దిగే మార్గం ఆ డబ్బాలో లేదు.

ఆటలో దీని అర్థం ఏమిటి? టెక్కెన్ సెకనుకు 60 ఫ్రేముల ఆట. మామూలు జాబ్ 10 ఫ్రేముల్లో తగిలేస్తుంది, దాన్ని చూసి ఆపడం ఎవరివల్లా కాదు. కానీ నెమ్మదిగా వచ్చే దెబ్బలుంటాయి. 20 ఫ్రేముల్లో కాళ్ల మీదికి వచ్చే దెబ్బ అనుకోండి, అది 333 మిల్లీసెకన్లు. తీగతో 100 పోతే మనకు మిగిలేది 233. కంటితో చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 దాకా పడుతుంది. అంటే కాస్త చురుగ్గా ఉంటే ఆపొచ్చు. కిట్‌తో 212 పోయాక మిగిలేది 121. ఎంత సాధన చేసినా ఆగదు. తమ్ముడు ఓడిపోతున్నది అందుకే. "నేను నొక్కాక వీడు కాసేపు ఆలోచించుకుని కొడుతున్నాడన్నా" అని వాడే చక్కగా చెప్పాడు.

అదే కథ నడిచే ఆటలు, కార్డుల ఆటలు, వంతులవారీగా ఆడేవైతే ఈ 96 మిల్లీసెకన్లకు రెండు రోజుల్లో చెయ్యి అలవాటు పడిపోతుంది. క్రికెట్ బ్యాటింగ్, ఫుట్‌బాల్, ఫైటింగ్, షూటింగ్ ఆడేవాళ్లకు మాత్రం కష్టం. కొనేముందు ఇంకో మాట. పెట్టె మీద 4కె అని ఉన్నా అవతల టీవీకి 1080పీ, అదీ సెకనుకు 30 ఫ్రేములే ఇచ్చే కిట్లున్నాయి. వివరాల్లో అవుట్‌పుట్ దగ్గర ఏం రాశారో చూడండి, ఇన్‌పుట్ దగ్గర కాదు.

నల్ల తెర ఎన్ని రకాలు?

ఇక రెండో బాధ. తమ్ముడు అన్నిటినీ కలిపి "కట్ అవుతోంది" అన్నాడు. కూర్చుని చూస్తే కట్ అవడం ఒకే రకం కాదు.

మొదటిది: బొమ్మ ముందు గళ్లుగళ్లుగా చెదురుతుంది, ఒక క్షణం బిగుసుకుపోతుంది, మళ్లీ వస్తుంది. ఇది అసలైన రేడియో సమస్య. పెట్టె మీద రాసే 50 మీటర్లు ఖాళీ మైదానంలో, ఎదురెదురుగా ఉన్నప్పటి మాట. పిన్నివాళ్లింట్లో దూరం ఎనిమిది మీటర్లే, కానీ మధ్యలో రెండు ఇటుక గోడలు, వాటిని ఆనుకుని లోపలి గదిలో స్టీలు బీరువా. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఇటుక గోడను నీరసపడుతూనైనా దాటుతుంది. ఇనుప రేకును దాటదు. పైగా పంపే డబ్బా హాల్లో టీవీ వెనకాల, లోపలి డబ్బా ఇంకో టీవీ వెనకాల. టీవీ లోపల ఉండేదీ రేకే.

బీరువా జరపడానికి పిన్ని ఒప్పుకోదు, అడిగి చూశాం. కాబట్టి డబ్బాలనే జరిపాం. హాల్లోదాన్ని టీవీ వెనక నుంచి తీసి యూనిట్ పైఅంచుకు, లోపలిదాన్ని మీటరున్నర హెచ్‌డీఎంఐ తీగతో తలుపు పక్కకు తెచ్చాం. ఇప్పుడు దారి గోడలోంచి కాకుండా చాలావరకు తలుపుల్లోంచి. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఛానల్ 'ఆటో'లో ఉంటే అది ఎప్పుడైనా ఈ డబ్బా వాడే ఛానల్ మీదికి వచ్చి కూర్చోవచ్చు. అందుకే రౌటర్‌ని 36కి కట్టేసి, కిట్‌ని 149 వైపు పెట్టాం. అంతకుముందు పావుగంటలో ఏడెనిమిదిసార్లు చెదిరిన బొమ్మ, ఆ రాత్రి గంటలో రెండుసార్లే చెదిరింది. కొత్త అపార్ట్‌మెంట్లలో మివాన్ పద్ధతిలో కట్టినవాటిలో లోపలి గోడలు కూడా కాంక్రీటే, వాటిలో ఇనుప చువ్వలుంటాయి. అలాంటి ఫ్లాట్‌లో ఇంత తేలిగ్గా లొంగదు.

రెండో రకం: గళ్లు రావు, బిగుసుకుపోదు. ఉన్నట్టుండి తెర మొత్తం నలుపు, రెండు మూడు సెకన్ల తర్వాత ఏం జరగనట్టు బొమ్మ తిరిగొస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నప్పుడు కూడా వస్తుంది. ఇది రేడియో కాదు, హెచ్‌డీఎంఐ పరికరాల మధ్య జరిగే పలకరింపు. కొత్తగా ఎవరు తగిలినా, ఎవరు తప్పుకున్నా కన్సోల్ మళ్లీ మొదటి నుంచి "నువ్వెవరు, ఏ రెజల్యూషన్ చూపిస్తావు, కాపీ రక్షణ తాళం ఉందా" అని అడుగుతుంది. ఆ తాళం పేరే హెచ్‌డీసీపీ.

ఇక్కడ ఓ తమాషా జరిగింది. నల్ల తెర ఎక్కువగా ఏడున్నరకు వచ్చేది! పంపే డబ్బాకి లూప్ అవుట్ అనే రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి హాల్ టీవీకి కూడా తీగ పోయింది. ఏడున్నరకు అమ్మమ్మ సీరియల్ కోసం టీవీ ఆన్ చేయగానే, గొలుసులో కొత్త మనిషి వచ్చినట్టు లెక్క. పలకరింపులు మళ్లీ మొదలు, లోపల ఆట నల్లగా. సీరియల్ అయ్యాక టీవీ కట్టేస్తే ఇంకోసారి. లోపల ఆడేటప్పుడు ఆ లూప్ తీగ పీకేయడంతో ఏడున్నర గండం పోయింది. ఇంకా మిగిలిన ఒకటి రెండు నల్ల తెరలు `Settings > System > HDMI > Enable HDCP` ఆఫ్ చేశాక ఆగాయి. ఆఫ్‌లో ఆటలు మామూలుగానే నడుస్తాయి గానీ, కన్సోల్‌లో ఓటీటీ యాప్‌లు తెరుచుకోవు. సినిమా చూడాలంటే మళ్లీ ఆన్ చేసుకోవాలి.

మూడో రకం: డబ్బా మీద లైట్ ఆరి, వెలిగి, లోగో నుంచి మొదలవుతుంది. ఇది కరెంటు చాలక. టీవీకి ఉండే పాత రకం యూఎస్‌బీ పోర్టు సాధారణంగా అర ఆంపియరే ఇస్తుంది. డబ్బా అడిగేది ఒకటి, రెండు ఆంపియర్లు. పాత ఫోన్ చార్జర్ తగిలిస్తే సరిపోతుంది. వీళ్లకు ఈ సమస్య రాలేదు.

కంట్రోలర్ సంగతి?

ఈ కిట్లు అమ్మేవాళ్లు చెప్పని మాట ఒకటుంది. బొమ్మ లోపలి గదికి వచ్చింది, సరే. కంట్రోలర్ మాట్లాడేది మాత్రం హాల్లో ఉన్న కన్సోల్‌తోనే, అదీ బ్లూటూత్‌లో. ఆ రెండు గోడలూ, బీరువా దానికీ అడ్డమే. తెలుసుకోవడం తేలిక. బొమ్మ చెదరకుండా స్పష్టంగా ఉంది, కానీ మన ఆటగాడు మాత్రం మీరు వదిలేసినా ఒకవైపే నడుచుకుంటూ పోతున్నాడంటే తెగింది కంట్రోలర్. చార్జింగ్ తీగ పెట్టుకుని ఆడితే బాగుంటుందని తమ్ముడు అనుకున్నాడు. ఆ తీగ రెండో కొస గోడ ప్లగ్గులో ఉంటే దాంతో వచ్చేది చార్జింగ్ మాత్రమే, మాట ఇంకా గాల్లోనే పోతుంది. మంచానికి తలుపు వైపు కూర్చుంటే బాగా పనిచేసింది, బీరువా వైపు జరిగితే తడబడింది.

ఆరో రోజు లెక్కలు ముందేసుకున్నాం. తెగడం చాలావరకు తగ్గింది. కానీ వాడు ఆడేది టెక్కెన్, 96 మిల్లీసెకన్లు ఎక్కడికీ పోలేదు. కిట్ వెనక్కి వెళ్లిపోయింది. కన్సోల్‌నే రోజూ అటూ ఇటూ మోస్తే పోదా అని బాబాయ్ అన్నారు. రోజుకు రెండుసార్లు పీకి పెడితే కన్సోల్ హెచ్‌డీఎంఐ పోర్టు ఎక్కువ కాలం నిలవదు. రిపేర్ షాపులకు కన్సోళ్లు తరచూ వచ్చేది ఆ పోర్టు కోసమే.

రిమోట్ ప్లే ఆలోచించాం. లోపలి గదిలో ఆండ్రాయిడ్ టీవీ 12 లేదా ఆపై ఉంటే ప్లేస్టేషన్ సొంత యాప్ దాంట్లోనే పెట్టుకోవచ్చు. అదీ బొమ్మను నొక్కే పంపుతుంది కాబట్టి ల్యాగ్ ఉంటుంది, కాకపోతే కన్సోల్‌ని రౌటర్‌కి లాన్ తీగతో కలిపితే నిలకడగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కంట్రోలర్ ఆ గది టీవీకే జత అవుతుంది, బీరువా బెడద ఉండదు. కథ నడిచే ఆటలకు కిట్ కొనేకంటే ముందు దీన్నే చూడమంటాను. పిన్నివాళ్ల లోపలి టీవీ పాతది, కుదరలేదు.

చివరికి 15 మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీగ తెప్పించారు. మామూలు రాగి తీగతో అంత దూరం 4కె నమ్మకంగా వెళ్లదు, లోపల గాజు పోగులుండే ఈ రకమైతే వెళ్తుంది. తలుపు చట్రం మీదుగా, గోడ అంచునే తెల్ల కేసింగ్ పట్టీలో వేశాం. ఈ తీగకు ముందూ వెనకా ఉంటాయి. సోర్స్ అని రాసిన కొస కన్సోల్‌కి, డిస్‌ప్లే అని రాసినది టీవీకి. కేసింగ్ మూసేముందే అది సరిచూసుకోవాలి, తిరగేస్తే బొమ్మ రాదు. మూల దగ్గర మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పాలి, లోపల ఉన్నది గాజు కదా. వేశాక మళ్లీ ఫోన్ పెట్టి పదిసార్లు గుద్దించాను. 24 ఫ్రేములు. తమ్ముడు ఇప్పటికీ మంచానికి తలుపు వైపే కూర్చుంటున్నాడు.